గుగ్గిళ్ళు, కడుపు ఉబ్బరము, వాము

శ్రావణమాసము వచ్చినదంటే మన ఇండ్లలో సెనగలకు కరువుండదు. మంగళగౌరీ నోము నోచుకొన్నవారి ఇంటికీ, వరలక్ష్మీ వ్రతము చేసుకొన్నవారి ఇంటికీ పేరంటానికి వెళ్ళిన ఇల్లాలు తాంబూలముతోపాటు నానిన సెనగలు వాయనముగా తెచ్చుకొంటుంది. నాలుగు పేరంటాలు తిరిగి వచ్చేసరికి గిన్నెడు గింజలు పోగవుతవి. వాటిని పారవేయటానికి మనసొప్పదు. ఆ సాయంత్రము గుగ్గిళ్ళు, మరునాడు కూర, ఇంకా మిగిలితే రుబ్బి వడలు. ఇంటిల్లిపాదీ ఇష్టముగానే తింటారు.

"సెనగలు తిని చేయి కడుగుకొన్నట్లు" అని మన సామెత. కాని చేయి కడుగుకొన్నంత మాత్రాన సెనగల సంగతి ముగిసిపోదని ఆ రాత్రి పదకొండు గంటల వేళ తెలుస్తుంది. తాతగారు పక్కమీద లేచి కూర్చుని పొట్ట నిమురుకొంటూ ఉంటారు. పసివాడు బొడ్డుచుట్టూ నొప్పి అని ఏడుస్తాడు. తెల్లవారిన తరువాత "ఇక ఈ ఇంట సెనగలు వండవద్దు" అని ఎవరో ఒకరు తీర్పు చెబుతారు.

ఈ తీర్పు వలన నష్టపడేది ముఖ్యముగా ఆ తాతగారే. మాంసము ముట్టనివారికి, పాలు అరగనివారికి, పళ్ళు ఊడి నమలలేనివారికి మాంసకృత్తులు అందించేవి ఈ పప్పులూ గింజలే. ఉబ్బరమునకు భయపడి సెనగలు, అలసందలు, ఉలవలు, చిక్కుడు గింజలు ఒక్కొక్కటే మానుకొంటూ పోతే కంచములో మిగిలేది అన్నము, చారు మాత్రమే. కావున తీర్పు చెప్పేముందు విచారణ జరగవలె. సెనగ గింజ కడుపులో ఏమి చేస్తున్నది? దానిని నానబెట్టిన నీరు, ఉడికించిన నిప్పు, పోపులో వేసిన వాము ఏ మేరకు అడ్డుకొనగలవు? ఈ మూడూ ఒకే పని చేస్తవని మనము సాధారణముగా అనుకొంటాము. నిజానికి మూడింటి పనులు వేరు వేరు. ఒకటి చేయవలసిన పని మరొకటి చేయలేదు.

మొదట ఒక మాట. "సెనగలు వాతము చేస్తవి" అనటము మనకు వాడుక. ఆ వాతమనే మాటతోనే మోకాళ్ళ నొప్పులనూ, నడుము పట్టునూ కూడా చెప్పుకొంటాము. ఇక్కడ నేను చెప్పబోయేది ప్రేగులలో పుట్టే గాలిని గురించి మాత్రమే.

గింజ అంటే మొక్కకు పసితనపు ఆహారము మూటగట్టిన సంచి. నేలలో పడిన గింజ మొలకెత్తి, ఆకు విచ్చి, ఎండలో తన తిండి తాను తయారు చేసుకొనేదాకా ఆ మూటలోనిదే ఆధారము. ఆ మూటలో పిండిపదార్థము, మాంసకృత్తులతోపాటు కొన్ని ప్రత్యేకమైన చక్కెరలు కూడా ఉన్నవి. మనము కాఫీలో వేసుకొనే పంచదారకు గెలాక్టోజు అనే మరొక చక్కెర రేణువు ఒకటి తగిలించితే రాఫినోజు అవుతుంది. రెండు తగిలించితే స్టాకియోజు, మూడు తగిలించితే వెర్బాస్కోజు. సెనగలలో స్టాకియోజు హెచ్చు. మినుములలో వెర్బాస్కోజు హెచ్చు. పేర్లు గుర్తుంచుకొనక్కరలేదు. ఇవి గొలుసు చక్కెరలు అని గుర్తుంటే చాలును.

మామూలు పంచదారను మన చిన్నప్రేగు విడగొట్టి రక్తములోనికి పంపుతుంది. ఈ గొలుసు చక్కెరలను మాత్రము విడగొట్టలేదు. ఆ గెలాక్టోజు ముడిని విప్పటానికి ఆల్ఫా గెలాక్టోసిడేసు అనే జీర్ణరసము కావలె. మనిషి చిన్నప్రేగులో అది పుట్టదు. ఇది రోగము కాదు, వయసు దోషమూ కాదు. మనుష్యులందరి కడుపూ అంతే. కాబట్టి ఆ చక్కెరలు తిన్నవి తిన్నట్లుగానే చిన్నప్రేగంతా దాటి పెద్దప్రేగును చేరుతవి.

పెద్దప్రేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురమున్నవి. మనకు లేని ఆ రసము వాటికి ఉన్నది. మనకు అరగనిది వాటికి విందు. అవి ఆ చక్కెరలను పులియబెట్టి తమ బ్రతుకు తాము బ్రతుకుతూ, ఆ పులుపులో హైడ్రోజను, బొగ్గుపులుసు గాలి, కొందరి కడుపులలో మీథేను అనే గాలులను పుట్టిస్తవి. ఇడ్లీ పిండి రాత్రి పులిసి తెల్లవారేసరికి గిన్నె అంచు దాటి పొంగటము ప్రతి ఇల్లాలికీ తెలిసినదే. అటువంటి పొంగే ప్రేగులో జరుగుతున్నదన్నమాట. అయితే ఈ గాలులకు వాసన లేదు. దుర్వాసన వచ్చేది అతి స్వల్పముగా పుట్టే గంధకపు వాయువుల వలన. గాలి ఎక్కువ కావటము, వాసన ఎక్కువ కావటము ఒకటి కాదు.

ఈ దారి తెలిస్తే ఒక ఉపయోగమున్నది. తిన్నది పెద్దప్రేగును చేరటానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే సాయంత్రము ఆరు గంటలకు తిన్న గుగ్గిళ్ళు రాత్రి పది, పదకొండింటికి బాధ పెడుతవి. తిన్న పది నిమిషాలకే కడుపు ఉబ్బి త్రేనుపులు వస్తూ ఉంటే అది ఈ గొలుసు చక్కెరల పని కాదు. గబగబ తినటములో మింగిన గాలియో, తిన్న పరిమాణమో, నంజుకొన్న మిరపకాయ బజ్జీయో కారణము కావచ్చును. గడియారము చూస్తే నేరము ఎవరిదో సగము తేలిపోతుంది.

ఇప్పుడు నీటి సంగతి. గొలుసు చక్కెరలు కూడా చక్కెరలే, నీటిలో కరుగుతవి. ఎండు గింజలో అవి గట్టి గోడల మధ్య బందీలుగా ఉంటవి. నీరు పీల్చుకొని గింజ ఉబ్బిన తరువాత పైపొర గుండా కొద్దికొద్దిగా వెలికి వచ్చి చుట్టూ ఉన్న నీటిలో కలుస్తవి. కాబట్టి నానబెట్టటము ఎందుకంటే త్వరగా ఉడకటానికి మాత్రమే కాదు, ఈ చక్కెరను బయటికి రాబట్టటానికి కూడా. రాబట్టినదానిని పారబోయకపోతే ఆ శ్రమ వృథా. నానిన నీటిలోనే గింజలను పొయ్యిమీద పెట్టేవారు వెళ్ళిపోయిన అతిథిని వీధి చివరనుండి మళ్ళీ పిలుచుకొని వచ్చినట్లే.

ఒక ఇంటి లెక్క చూద్దాము. పావు కిలో, అంటే 250 గ్రాముల ఎండు సెనగలు తీసుకొన్నాము. గొలుసు చక్కెరలు గింజల రకమును బట్టి, పండిన నేలను బట్టి మారుతవి. మన లెక్కకు నూటికి 4 పాళ్ళు అనుకొందాము. అంటే ఆ పావు కిలోలో 10 గ్రాములు. గింజలు మునిగీ మునగనట్లుగా నీరు పోసి నానబెడితే నీరంతా గింజలే పీల్చుకొంటవి. ఒంపటానికి ఏమీ మిగలదు. 10 గ్రాములూ గింజలలోనే ఉన్నవి. అదే గింజలకు ఐదింతలు నీరు, అనగా లీటరుంబావు పోస్తే, పీల్చుకోగా ఇంకా ముప్పాతిక భాగము నీరు గిన్నెలో నిలుస్తుంది. బయటికి వచ్చిన చక్కెర దానిలో ఉంటుంది. ఆ నీరు ఒంపి, గింజలను రెండుసార్లు కడిగితే 10 గ్రాములలో సుమారు 3 గ్రాములు తొలగినవనుకొందాము. మిగిలిన 7 గ్రాములతో గింజలను కొత్త నీటిలో ఉడికించి, ఆ ఉడుకు నీరు కూడా వార్చితే మరికొంత పోతుంది. చివరకు 5 గ్రాములు మిగిలినా, ఆరుగురు పంచుకొని తింటే ఒక్కొక్కరికి గ్రాముకు లోపే. నానబెట్టనిదీ, నీరు వార్చనిదీ అయితే గ్రామున్నరకు పైగా. ఇవి ఉజ్జాయింపు అంకెలేగాని, నీటి పని ఎట్టిదో చూపటానికి చాలును. నీరు చక్కెరను తగ్గిస్తుంది, తుడిచివేయదు.

ఎన్ని గంటలు నానవలె? సెనగలకు 8 మొదలు 12 గంటలు. మధ్యలో ఒకసారి నీరు మార్చటము మేలు. పాత నీరు చక్కెరతో చిక్కబడినకొద్దీ గింజలోని చక్కెర బయటికి వచ్చే వేగము తగ్గుతుంది. వేసవిలో మన ఊళ్ళలో రాత్రంతా నానిన నీటిమీద నురుగు తేలి, పుల్లని వాసన వస్తుంది. అది సూక్ష్మజీవులు గిన్నెలోనే పని మొదలుపెట్టిన గుర్తు. కొద్ది నురుగైతే బాగా కడిగి వాడవచ్చును. గింజ జిగటగా ఉండి కుళ్ళు వాసన వస్తే వాడరాదు. ఫ్రిజ్ ఉన్నవారు రాత్రిపూట గిన్నెను అందులో ఉంచవచ్చును.

తీరిక లేని రోజున మరొక దారి. గింజలను విస్తారమైన నీటిలో వేసి తెర్లించి, రెండు మూడు నిమిషాలు మరగనిచ్చి, దించి, మూతపెట్టి గంటసేపు వదలివేయవలె. వేడికి గింజలోని పొరలు సడలి చక్కెర త్వరగా వెలికి వస్తుంది. ఆ నీరు పారబోసి కొత్త నీటిలో ఉడికించవలె. ఇట్లా నీరు పారబోసినప్పుడు బి విటమినులు, కొన్ని లవణాలు కూడా కొద్దిగా పోతవి. మాంసకృత్తులు చాలావరకు గింజలోనే నిలుస్తవి. కడుపు ఉబ్బరమే లేనివారు ఈ నష్టము భరించనక్కరలేదు. ఉన్నవారికి ఇది తగిన బేరమే.

వాయనపు సెనగలలో ఇంకొక విశేషమున్నది. ఒక ఇంటివారు ముందురోజు ఉదయము నానవేస్తారు, మరొకరు రాత్రి నానవేస్తారు. అన్నీ ఒక గిన్నెలో కలిసినప్పుడు కొన్ని గింజలకు తెల్లని మొలక ముక్కు కనబడుతుంది. అది శుభసూచకము. మొలకెత్తే గింజ మొట్టమొదట ఖర్చుపెట్టుకొనేది ఈ గొలుసు చక్కెరలనే. ఎవరికోసము దాచినదో ఆ బిడ్డే తినివేసిన తరువాత మనకు మిగిలేది తక్కువ. కాబట్టి నానిన సెనగలను తడిబట్టలో మూటగట్టి ఒక రోజు ఉంచి, మొలక వచ్చిన తరువాత ఉడికించితే ఉబ్బరము మరింత తగ్గుతుంది. పేరంటాలనుండి తెచ్చినవాటిని మాత్రము ముందు వాసన చూసి, జిగటబారినవి ఏరివేసి, పసుపు కుంకుమలు పోయేటట్లు కడిగి వాడవలె.

ఇక నిప్పు సంగతి. ఎంత ఉడికించినా వేడి ఈ గొలుసు చక్కెరలను చెప్పుకోదగినంతగా నాశనము చేయదు. అయితే ఉడకటము ఎందుకు? గింజలోని పిండిపదార్థము కోసము. ఉడకని పిండి గట్టి గింజకట్టుగా ఉంటుంది. మన జీర్ణరసాలు దానిలోనికి చొరబడలేవు. నీటిలో ఉడికితే అది ఉబ్బి, విచ్చుకొని, చిన్నప్రేగులో సులువుగా అరుగుతుంది. పలుకుగా మిగిలిన గింజలోని పిండి అరగక పెద్దప్రేగును చేరి, ఆ సూక్ష్మజీవుల విందులో మరొక వంటకమవుతుంది. పైగా పచ్చి గింజలలో మాంసకృత్తులను అరగనివ్వని పదార్థాలు కొన్ని ఉన్నవి. అవి బాగుగా ఉడికితే పనికిరాకుండా పోతవి. కాబట్టి నీరు తీయవలసినది చక్కెరను, నిప్పు సరిచేయవలసినది పిండిని.

గింజ ఉడికినదో లేదో గడియారము కంటె వేళ్ళు బాగా చెబుతవి. బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ మధ్య ఒక గింజను నొక్కి చూడవలె. వెన్నవలె నలగవలె. నడుమ తెల్లని సుద్దపలుకు కనబడినా, గింజ రెండు బద్దలుగా జారిపోయినా ఇంకా ఉడకవలసి ఉన్నదని అర్థము. రాత్రి నానిన సెనగలకు మామూలు గిన్నెలో గంట మొదలు గంటన్నర పడుతుంది. ప్రెషరు కుక్కరులో ఆవిరి పూర్తిగా ఎక్కి కూత వచ్చిన తరువాత మంట తగ్గించి పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతట అది దిగేదాకా ఆగవలె. కూతలు లెక్కపెట్టటము నమ్మదగిన కొలత కాదు. మంట పెద్దదైతే కూతలు త్వరగా వస్తవి, గింజ ఉడకదు.

కొన్ని ఇండ్లలో ఎంతసేపు ఉంచినా సెనగలు రాళ్ళవలెనే ఉంటవి. దోషము తరచుగా నీటిది. బోరుబావి కఠినజలములో ఉన్న సున్నపు లవణాలు గింజ గోడలను బిగించివేస్తవి. చింతపండు, మామిడికాయ, టమాటో వంటి పులుపు ముందే వేసినా అంతే, మెత్తబడదు. కావున పులుపు ఎప్పుడూ గింజ ఉడికిన తరువాతనే. నానబెట్టే నీటిలో లీటరుకు ఒక చెంచా ఉప్పు వేస్తే పైపొర మెత్తబడుతుంది. కొందరు వంటసోడా వేస్తారు. చిటికెడు వేస్తే త్వరగా ఉడకటము నిజమే. ఎక్కువైతే బి విటమినులలో ఒకటైన థయామిను నశిస్తుంది, గింజ పైపొర ఊడి సబ్బురుచి వస్తుంది. ఏళ్ళు నిలువ ఉన్న గింజలకు మాత్రము ఏ ఉపాయమూ పూర్తిగా పారదు. కొత్త పంట కొనుక్కోవటమే మార్గము.

ఉడుకు నీటిని గురించి ఒక చిక్కు. మనవారు ఉలవలు ఉడికిన నీటితోనే ఉలవచారు కాస్తారు. సెనగలు, అలసందలు ఉడికిన కట్టుతో చారు పెడతారు. ఆ నీటిలోనే కదా గింజలు విడిచిన చక్కెర ఉన్నది! కాబట్టి ఉలవ గింజలు తినకుండా చారు మాత్రమే పోసుకొన్నవారు కూడా "ఉబ్బరము వచ్చినదేమి?" అని ఆశ్చర్యపోనక్కరలేదు. కడుపు సున్నితమైనవారు మొదట నానబెట్టిన నీరు పారబోసి, తరువాత కొత్త నీటిలో ఉడికించిన కట్టుతోనే చారు కాచుకోవలె. అప్పుడు రుచి మిగులుతుంది, బరువు తగ్గుతుంది.

ఈ సందర్భములోనే ఒక హెచ్చరిక. మన వంటిండ్లలో ఇప్పుడు రాజ్మా గింజలు కూడా చేరినవి. సెనగలు పలుకుగా ఉంటే ఉబ్బరముతో పోతుంది. ఎర్ర రాజ్మా పలుకుగా ఉంటే విషమే అవుతుంది. దానిలో లెక్టిను అనే జాతికి చెందిన పదార్థము ఉన్నది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా మూడు గంటలలోపే తీవ్రమైన వికారము, వాంతులు, తరువాత విరేచనాలు రావచ్చును. రాజ్మాను కనీసము ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో గలగల తెర్లుతుండగా పది నిమిషాలకు తక్కువ కాకుండా మరిగించి, ఆ తరువాత మెత్తబడేదాకా ఉడికించవలె. సన్నని సెగమీద, మరగకుండా, గంటల తరబడి ఉంచే విద్యుత్ పాత్రలలో నేరుగా వేయరాదు. అంత తక్కువ వేడికి ఆ విషము చావదు. ఇక్కడ కూడా గడియారమే సాక్షి. రెండు మూడు గంటలలో వాంతి అయితే అది వాయువు కాదు. వెంటనే వైద్యుని చూడవలె.

నీరు తన పని చేసినది, నిప్పు తన పని చేసినది. అయినా కొంత చక్కెర మిగిలే ఉన్నది. అది పెద్దప్రేగును చేరక తప్పదు, గాలి పుట్టక తప్పదు. ఇప్పుడు వాము వంతు.

వాముకు ఆ ఘాటైన వాసననిచ్చేది దాని నూనెలో ఉండే థైమాలు. వాము గొలుసు చక్కెరలను విడగొట్టదు. ఆ పని చేసే రసము దానిలో లేదు. అది చేసే మేలు వేరు. ప్రేగు గోడలో కండరాలున్నవి. లోపల గాలి సాగదీసినప్పుడు అవి పట్టుకొని బిగుసుకొంటవి. నొప్పి ఆ బిగువు వలననే. జంతువుల ప్రేగు ముక్కలమీద ప్రయోగశాలలలో చేసిన పరీక్షలలో వాము సారము ఆ కండరాల బిగువును సడలించినది. బిగువు సడలితే నిలిచిన గాలి కదలి తన దారిన తాను పోతుంది, నొప్పి తగ్గుతుంది. మనుష్యులమీద జరిగిన పరీక్షలు ఇంకా కొద్దివే. కాని మన అవ్వలు "వాము తింటే గాలి విడుస్తుంది" అన్నప్పుడు వాడిన మాట ఎంత సరియైనదో చూడండి. గాలి పుట్టదనలేదు, విడుస్తుందన్నారు. అల్లము, జీలకర్ర, ఇంగువలను కూడా మనవారు ఈ పనికే పోపులలో చేర్చుతూ వచ్చినారు.

థైమాలు ఆవిరితో ఎగిరిపోయే గుణము కలది. సెనగలతోపాటు వామును కుక్కరులో వేసి అరగంట ఉడికించితే ఘాటులో చాలాభాగము ఆవిరితో వీధిలోనికి పోతుంది. కావున పోపులో, అదీ చివర వేయవలె. పావు కిలో సెనగల గుగ్గిళ్ళకు అర చెంచా వాము చాలును. నూనె కాగిన తరువాత ఆవాలు చిటపటలాడనిచ్చి, జీలకర్ర, ఎండుమిరప, ఇంగువ వేసి, చివరగా అరచేతులలో నలిపిన వాము వేసి, రెండు మూడు క్షణాలలోనే ఉడికిన సెనగలు పోసి కలియబెట్టి మూత పెట్టవలె. వాము నల్లబడితే చేదు మిగులుతుంది, గుణము మిగలదు. అరచేతిలో నలిపినప్పుడు ముక్కుకు ఘాటు తగలకపోతే ఆ వాము పాతబడినది. దానిని ఎంత వేసినా ప్రయోజనము లేదు.

భోజనము తరువాత తీసుకొనేవారు పావు చెంచా వామును చిటికెడు ఉప్పుతో నమిలి వేడినీరు త్రాగవచ్చును. నమలలేని పెద్దవారికి అర చెంచా వామును నలిపి గ్లాసుడు మరిగిన నీటిలో వేసి, పది నిమిషాలు మూత పెట్టి ఉంచి వడకట్టి ఇవ్వవచ్చును. మూత లేకుండా మరిగించరాదు. కారణము పైన చెప్పినదే. వాము మంచిదే కదా అని పిడికెడు తింటే గొంతు, కడుపు మండుతవి. చంటిపిల్లలకూ, గర్భిణులకూ, కడుపులో పుండు ఉన్నవారికీ వంటలో వేసే పరిమాణమును మించి వైద్యుని అడగకుండా ఇవ్వరాదు.

ఇక మిగిలినది తినేవారి అలవాటు. ఏడాదికి ఒకసారి శ్రావణమాసములో గిన్నెడు తినేవాని కడుపుకూ, వారానికి మూడుసార్లు గుప్పెడు తినేవాని కడుపుకూ భేదమున్నది. కొద్దికొద్దిగా, తరచుగా తింటూ ఉంటే పెద్దప్రేగులోని సూక్ష్మజీవుల కాపురము సర్దుకొంటుంది. అమెరికాలో రోజూ అర కప్పు గింజలు కొన్ని వారాలపాటు తినిపించి చూసిన మూడు పరిశీలనల ఫలితాలు 2011లో వెలువడినవి. మొదటి వారములో గాలి ఎక్కువైనదన్నవారు పింటో గింజలు తిన్నవారిలో కూడా సగము మందికి లోపే. మన అలసందలు తిన్నవారిలో నూటికి 19 మంది మాత్రమే. అట్లా బాధపడినవారిలో నూటికి 70 మందికి పైగా రెండు మూడు వారాలలోనే మామూలు స్థితికి వచ్చినామన్నారు. గాలి పోవటము దినానికి పది, పదిహేనుసార్లు అందరికీ సహజమేననీ, అది జబ్బు కాదనీ కూడా తెలుసుకోవలె. అయితే ఏమి తిన్నా ఉబ్బరము వదలకపోయినా, బరువు తగ్గుతున్నా, మలములో రక్తము కనబడినా నేరము సెనగలమీద మోపి ఊరుకొనరాదు. వైద్యుని సంప్రదించవలె.

ఇప్పుడు మన తాతగారి దగ్గరకు మళ్ళీ వద్దాము. ఆయనకు సెనగలు మాన్పించనక్కరలేదు. శుక్రవారపు వాయనపు సెనగలను ఏరి, కడిగి, నిండుగా నీరు పోసి మరి కొన్ని గంటలు ఉంచి, ఆ నీరు ఒంపివేయండి. వీలైతే మొలకెత్తనివ్వండి. కొత్త నీటిలో వ్రేళ్ళమధ్య వెన్నవలె నలిగేదాకా ఉడికించి, ఆ నీరూ వార్చండి. పులుపు తరువాత కలపండి. చివర పోపులో వాము వేయండి. మొదటిరోజు ఆయనకు నాలుగు చెంచాలు చాలును. రాత్రి గుగ్గిళ్ళుగా కాక మధ్యాహ్నము భోజనములో వడ్డించితే, గాలి పుట్టే వేళకు ఆయన పక్కమీద కాక వీధి అరుగుమీద నాలుగడుగులు వేస్తూ ఉంటారు. నడక కూడా గాలిని కదిలించుతుంది. రెండవ వారము ఆరు చెంచాలు పెట్టి చూడండి. అప్పుడు ఆయన సెనగలు తిని చేయి కడుగుకొంటే ఆ సంగతి నిజముగా అంతటితో ముగుస్తుంది.